బోర్డు బల్ల మీదికి ఏఐ: ఆపే చెయ్యి ఎవరిది?

కృత్రిమ మేధ ప్రాజెక్టుల గురించి కంపెనీ డైరెక్టర్ల బోర్డుకు ఇచ్చే బ్రీఫింగ్ నోటు బాగా రాస్తే ఏడెనిమిది పేజీలు దాటదు. మోడల్ లోపల ఏం జరుగుతుందో చూపే పటాలు అందులో ఉండనక్కర లేదు. బోర్డు తేల్చాల్సిన సంగతులు వేరు. కంపెనీలో ఏయే నిర్ణయాలు ఇప్పటికే యంత్రం చేతికి వెళ్లాయి, వాటివల్ల ఎవరికి ఏ నష్టం జరగొచ్చు, కొత్తది మొదలుపెట్టాలంటే ఎవరి సంతకం కావాలి, అది దారి తప్పితే ఆపే అధికారం ఎవరిది అన్నవే ఆ సంగతులు. చివరి ప్రశ్నకు జవాబు లేనప్పుడు మొదటి మూడింటికి ఎంత చక్కగా జవాబులు రాసినా ఆ నోటు ఫైల్లో పడి ఉండడానికే పనికొస్తుంది.

ఈ ప్రశ్నలు ఎందుకు పుట్టాయో ఎయిర్ కెనడా ఉదంతం చూస్తే తెలుస్తుంది. 2022లో ఓ ప్రయాణికుడు దగ్గరి బంధువు చనిపోతే టికెట్ కోసం ఆ విమానయాన సంస్థ వెబ్‌సైట్ తెరిచాడు. అక్కడున్న చాట్‌బాట్‌ను అడిగితే ముందు మామూలు ధరకే టికెట్ కొనుక్కోమని, 90 రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకుంటే మరణ సందర్భపు రాయితీ వెనక్కి వస్తుందని అది చెప్పింది. అదే వెబ్‌సైట్లో మరో పేజీలో, ప్రయాణం పూర్తయ్యాక రాయితీ ఇవ్వబోమని రాసి ఉంది. వివాదం బ్రిటిష్ కొలంబియాలోని చిన్న దావాల ట్రిబ్యునల్‌కు వెళ్లింది. చాట్‌బాట్ చెప్పినదానికి తమ బాధ్యత లేదని సంస్థ వాదించింది. ఆ బాట్ ఏదో వేరే వ్యక్తి అన్నట్టుంది ఈ వాదన అని ట్రిబ్యునల్ తోసిపుచ్చింది. వెబ్‌సైట్లో ఉన్న ప్రతి మాటకూ సంస్థదే బాధ్యత అంటూ 2024 ఫిబ్రవరిలో వడ్డీ, ఖర్చులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు చెల్లించమంది.

మొత్తం చిన్నదే. పాలనపరంగా చూస్తే మాత్రం ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. ఒకే సంస్థ రెండు చోట్ల రెండు మాటలు చెబుతోంది. విధానం రాసేది ఒక విభాగం, బాట్‌ను నడిపేది మరో విభాగం. విధానానికీ బాట్ జవాబుకూ పొంతన ఉందో లేదో చూడడం ఎవరి పనో ముందే ఒక కాగితం మీద రాసి ఉంటే ఈ తగువు ట్రిబ్యునల్ దాకా వచ్చేది కాదేమో. రిస్క్ రిజిస్టర్ అనేది ఆ కాగితమే.

చట్టం ఎక్కడ పట్టుకుంటుంది

ఏఐ పాలన కోసం బోర్డు ఇలా ఇలా చేయాలి అని చెప్పే ప్రత్యేక చట్టం భారతదేశంలో లేదు. అలాగని బోర్డు చేతులు దులుపుకోవడానికీ వీల్లేదు. 2013 కంపెనీల చట్టం 134వ సెక్షన్ ప్రకారం, నష్టభయాల నిర్వహణకు కంపెనీ ఏ విధానం పాటిస్తోందో డైరెక్టర్ల వార్షిక నివేదికలో చెప్పాలి. కంపెనీ ఉనికికే ముప్పు తెచ్చేవి ఏమైనా ఉంటే వాటినీ పేర్కొనాలి. స్టాక్ మార్కెట్లో నమోదైన మొదటి 1000 కంపెనీలకు సెబీ నిబంధనల కింద ప్రత్యేక రిస్క్ మేనేజ్‌మెంట్ కమిటీ తప్పనిసరి. వినియోగదారుల సమాచారం వాడితే 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వర్తిస్తుంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు అమలులోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. డేటా భద్రతకు తగిన ఏర్పాట్లు చేయని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

అన్నిటికంటే స్పష్టంగా మాట్లాడినది రిజర్వు బ్యాంకు నియమించిన కమిటీ. ఐఐటీ బొంబాయి ఆచార్యుడు పుష్పక్ భట్టాచార్య అధ్యక్షతన ఏర్పడిన ఈ కమిటీ 2025 ఆగస్టులో నివేదిక ఇచ్చింది. ఏడు సూత్రాలు, 26 సిఫారసులు ఉన్న ఆ నివేదికలో బోర్డు ఆమోదించిన ఏఐ విధానం, సంస్థలో ఉన్న ఏఐ వ్యవస్థల జాబితా, కొత్త ఉత్పత్తుల ఆమోద ప్రక్రియలో ఏఐ పరిశీలన, తప్పులు జరిగితే నివేదించే పద్ధతి వంటివి ఉన్నాయి. కమిటీ కోసం చేసిన ఒక సర్వేలో 612 సంస్థలకుగాను 127 మాత్రమే ఏఐని వాడుతున్నట్టో తయారు చేస్తున్నట్టో తేలింది. ఇవి సిఫారసులే. అయినా బ్యాంకులు, అప్పులిచ్చే కంపెనీల బోర్డులకు నోట్లు తయారు చేసేవారికి అంతకంటే మంచి నమూనా దేశంలో దొరకడం కష్టం. అందుకే ఈ వ్యాసంలోని ఉదాహరణ కూడా అప్పులిచ్చే కంపెనీదే.

ముందు లెక్క తేలాలి

గుంటూరు ప్రాంతంలో ద్విచక్ర వాహనాలకు అప్పులిచ్చే ఒక మధ్యస్థాయి ఎన్‌బీఎఫ్‌సీ ఉందనుకుందాం. వివరణ కోసం ఊహించిన కంపెనీయే, అంకెలు కూడా ఊహించినవే. అప్పు ఎవరికి ఇవ్వాలో స్కోరు వేసే కొత్త మోడల్‌కు అనుమతి కావాలని యాజమాన్యం బోర్డును అడిగింది. తమకు ఇది మొదటి ఏఐ ప్రాజెక్టు అని నోటులో రాసింది.

ఆ మాట దాదాపు ఎక్కడా నిజం కాదు. జాబితా కట్టడానికి కూర్చుంటే అసలు సంగతి బయటపడుతుంది. వసూళ్ల విభాగం కొన్న సాఫ్ట్‌వేర్ ఎవరికి ముందు ఫోన్ చేయాలో తానే వరుస కడుతోంది. కేవైసీ కోసం తీసుకున్న సేవ ఫొటోలో ముఖాన్ని ఆధార్ ముఖంతో పోల్చి చూస్తోంది. హెచ్ఆర్ వాళ్ల పోర్టల్ ఉద్యోగ దరఖాస్తులను జల్లెడ పడుతోంది. ఇద్దరు ముగ్గురు ఉద్యోగులు కస్టమర్ల ఫిర్యాదు లేఖలను సొంత ఖాతాలతో చాట్‌బాట్‌లలో పెట్టి జవాబులు రాయించుకుంటున్నారు. వీటిలో ఏదీ ఏఐ ప్రాజెక్టు పేరుతో కంపెనీలోకి రాలేదు. సాఫ్ట్‌వేర్ కొనుగోలుగానో, కొత్త వెర్షన్‌గానో, ఎవరో ఒకరి చొరవగానో వచ్చింది.

అందుకే జాబితా తయారు చేసేవారు ‘మీ దగ్గర ఏఐ ఉందా’ అని అడగరు. అలా అడిగితే లేదనే జవాబే వస్తుంది. ఒక మనిషి గురించి యంత్రం అంచనా వేసేది, వరుస కట్టేది, రాసిపెట్టేది ఏదైనా ఉందా అని అడుగుతారు. కొనుగోళ్ల బిల్లులు, సాఫ్ట్‌వేర్ చందాల లెక్కలు తిరగేస్తారు. దొరికిన ప్రతిదానికీ జాబితాలో ఒక వరుస ఇస్తారు. అది ఏ నిర్ణయానికి పనికొస్తోంది, ఎవరి డేటా వాడుతోంది, బయటి కంపెనీదైతే ఎవరిది, కంపెనీలో దానికి జవాబుదారు ఎవరు అన్నవి అందులో ఉంటాయి. జవాబుదారు గడిలో విభాగం పేరు రాస్తే ఆ గడి ఖాళీగా ఉన్నట్టే లెక్క. అక్కడ ఒక మనిషి పేరో, కనీసం ఒక్కరే ఉండే హోదా పేరో ఉండాలి.

బయటి కంపెనీ దగ్గర కొన్నది కాబట్టి బాధ్యత వాళ్లదే అన్న భ్రమ బోర్డుల్లో బలంగా ఉంటుంది. ఐటీ సేవలు బయటికి అప్పగించినా సంస్థ బాధ్యత తగ్గదని రిజర్వు బ్యాంకు 2023 ఏప్రిల్లో ఇచ్చిన ఆదేశాలు తేల్చి చెప్పాయి.

చిట్టాలో ఒక వరుస

రిస్క్ రిజిస్టర్‌ను పాత వ్యాపారుల చిట్టాతో పోల్చవచ్చు. చిట్టాలో ‘బాకీలు ఉన్నాయి’ అని రాసుకునే వ్యాపారి ఉండడు. ఎవరు, ఎంత, ఎప్పటికి అని రాసుకుంటాడు. కంపెనీల రిజిస్టర్లలో మాత్రం ‘ఏఐ పక్షపాతం’, ‘డేటా నాణ్యత’, ‘పేరుప్రతిష్ఠలకు భంగం’ అనే రెండు మూడు మాటల వరుసలు తరచుగా కనిపిస్తాయి. పక్కనే ‘మధ్యస్థం’ అని పసుపు రంగు వేసి ఉంటుంది. ఆ వరుస చదివి ఎవరూ ఏ పనీ చేయలేరు. అది ఏ కంపెనీకైనా సరిపోతుందంటే ఈ కంపెనీకి పనికిరాదన్నమాట.

పనికొచ్చే వరుసలో కారణం, సంఘటన, పర్యవసానం మూడూ ఒకే వాక్యంలో ఉంటాయి. ఊహించిన మన కంపెనీ స్కోరు మోడల్‌కు అలాంటి వాక్యం ఇలా ఉండవచ్చు: ‘మోడల్ గత ఆరు నెలల బ్యాంకు నిల్వల సగటును చూస్తుంది కాబట్టి, పంట అమ్మినప్పుడే డబ్బు చేతికొచ్చే కౌలు రైతులకు తక్కువ స్కోరు పడి, తీర్చగలిగినవారికి కూడా అప్పు అందకపోవచ్చు, ఫిర్యాదులు వస్తాయి, వ్యాపారమూ పోతుంది.’ ఇలా రాస్తే చేయాల్సిన పని దానంతటదే కనిపిస్తుంది. ఆరు నెలలు ఎందుకు, పన్నెండు నెలలు చూస్తే ఏమవుతుంది అని ఎవరైనా అడగగలరు. కౌలు రైతుల దరఖాస్తులను విడిగా లెక్కపెట్టి చూడగలరు.

వాక్యం తర్వాత గడుల్లో ఉండాల్సినవి కొన్నే. ఏ నియంత్రణ పెట్టారు, అది పనిచేస్తోందని దేన్నిబట్టి తెలుస్తుంది, ఏ అంకె దాటితే గంట మోగాలి, మోగితే ఎవరు ఏం చేస్తారు. ఈ మూడో గడిలోనే ఎక్కువ రిజిస్టర్లు తడబడతాయి. ‘నిరంతరం గమనిస్తాం’ అని రాసి వదిలేస్తారు. గమనించేవారికి ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఎంత గమనించినా ఒకటే.

ముప్పు ఎంత పెద్దదో చెప్పడానికి జరిగే అవకాశానికి అయిదులోపు మార్కు, నష్టం తీవ్రతకు అయిదులోపు మార్కు వేసి గుణించడం వాడుకలో ఉన్న పద్ధతి. వరుసలను ముందు వెనకలుగా పేర్చుకోవడానికి అది చాలు. అంతకుమించి నమ్మితే చిక్కే. అవకాశం 1, తీవ్రత 5 అయిన ముప్పుకూ, అవకాశం 5, తీవ్రత 1 అయిన ముప్పుకూ ఒకే లెక్క వస్తుంది. మొదటిది కంపెనీని ముంచవచ్చు, రెండోది రోజువారీ చికాకు మాత్రమే. పైగా కొత్త మోడల్ విషయంలో ఆ అవకాశం అంకెకు ఆధారం ఉండదు. ఎవరో ఒక మధ్యాహ్నం కూర్చుని ఊహించి వేసినదే అది. అందుకని తీవ్రత 5 ఉన్న ప్రతి వరుసనూ మొత్తం ఎంతైనా బోర్డుకు చూపాలని నియమం పెట్టుకుంటే మంచిది.

మనుషుల హక్కులను తాకే చోట రిజిస్టర్లో తప్పక ఉండాల్సిన వరుస ఒకటుంది. అది తప్పు జరిగినప్పుడు సరిదిద్దుకునే దారి గురించి. తెలంగాణలో సమగ్ర వేదిక పేరుతో వివిధ శాఖల రికార్డులను కలిపి చూసే వ్యవస్థ వచ్చింది. రేషన్ కార్డులకు అనర్హులను గుర్తించడానికి దాన్ని వాడారు. పేరు పోలిక వల్ల ఒకరి వాహనం మరొకరి ఖాతాలో పడి, కారున్న కుటుంబమని లెక్కగట్టిన ఉదంతాలు పత్రికల్లో వచ్చాయి. లక్షల కార్డుల రద్దు వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది, క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022లో కోర్టు చెప్పింది. రికార్డులు పోల్చే యంత్రం కొన్నిసార్లు పొరబడడం ఊహించదగినదే. పొరబడినప్పుడు కార్డు పోకముందే ఇంటికి వెళ్లి చూసే మనిషి ఉన్నాడా లేడా అన్నది మోడల్ రాసేవారి చేతిలో ఉండదు, దాన్ని ఆమోదించేవారి చేతిలో ఉంటుంది.

మెట్లు ఎన్ని

ప్రతి ఏఐ పనీ బోర్డు దాకా రావాలంటే కంపెనీ నడవదు. ఏదీ రాకపోయినా ప్రమాదమే. అందుకే మొదట తరగతులుగా విడగొడతారు. తూకానికి రెండు ప్రశ్నలు చాలు. తప్పు జరిగితే బయటి మనిషికి నష్టమా, ఆ నష్టాన్ని తర్వాత సరిదిద్దగలమా? సమావేశపు మినిట్స్‌కు చిత్తుప్రతి రాసే సాధనం కింది తరగతి. దానికి విభాగాధిపతి అనుమతి, డేటా బయటికి పోకుండా ఐటీ భద్రత వారి తనిఖీ సరిపోతాయి. కస్టమర్లకు తెలుగులో జవాబిచ్చే చాట్‌బాట్ మధ్య తరగతి. అది చెప్పే మాట కంపెనీ మాట అవుతుంది కాబట్టి న్యాయ విభాగం, ఫిర్యాదుల విభాగం కూడా ఉన్న కమిటీ చూడాలి. అప్పు ఇవ్వాలా వద్దా, ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చేవి పై తరగతి. వాటికి కమిటీ పరిశీలన తర్వాత బోర్డు రిస్క్ కమిటీ ఆమోదం ఉండాలి.

పై తరగతికి మెట్లు సాధారణంగా నాలుగు. మొదటిది ఆలోచన దశ. అసలు ఈ పనికి మోడల్ ఎందుకు, మామూలు నియమాల పట్టికతో సరిపోదా, వాడదలచిన డేటాకు అనుమతి ఉందా అన్నవి ఇక్కడే అడగాలి. రెండోది తయారీ ముగిశాక స్వతంత్ర పరిశీలన. తయారు చేసినవారే దాన్ని పరీక్షించి బాగుందని చెప్పకూడదు. ఈ పద్ధతి కొత్తగా పుట్టింది కాదు. అమెరికా ఫెడరల్ రిజర్వు 2011లో బ్యాంకుల మోడళ్ల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఇది ఉంది. మూడోది చిన్న స్థాయిలో అసలు వాడకం. నాలుగోది విస్తరణ. మెట్టు మెట్టుకూ ‘వద్దు’ అనే అవకాశం నిజంగా ఉండాలి. ప్రారంభోత్సవం తేదీ ప్రకటించాక పరిశీలనకు పంపితే ఆ పరిశీలకుడు ఏం రాస్తాడో ముందే తెలిసిపోతుంది.

ఒక మోడల్ మెట్లు ఎక్కిన తీరు

మన ఊహా కంపెనీ స్కోరు మోడల్ మొదటి మెట్టు దాటింది. రెండో మెట్టులో షాడో రన్ పెట్టారు. అంటే మోడల్ ప్రతి దరఖాస్తుకూ జవాబిస్తుంది కానీ ఆ జవాబు శాఖలకు చూపరు. రుణ అధికారులు ఎప్పటిలాగే నిర్ణయం తీసుకుంటారు. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.

మూడు నెలల్లో 2,000 దరఖాస్తులు వచ్చాయి. అధికారులు 1,400 ఆమోదించారు, అంటే 70 శాతం. మోడల్ ఆమోదించేవి 1,360, అంటే 68 శాతం. ఈ రెండంకెలతో ఒక స్లైడు వేస్తే మోడల్ మనిషికి దీటుగా ఉందనిపిస్తుంది. తయారీ బృందం సరిగ్గా అలాంటి స్లైడే వేసింది. స్వతంత్ర పరిశీలకురాలు లెక్కను జీవనోపాధి వారీగా విడగొట్టమంది. 2,000 మందిలో 400 మంది వ్యవసాయం మీద ఆధారపడినవారు, వాళ్లలో ఎక్కువమంది కౌలు రైతులు. ఆ 400లో అధికారులు 260 మందికి సరేనన్నారు, 65 శాతం. మోడల్ 160 మందికే సరేనంది, 40 శాతం. మిగతా 1,600 మందిలో మోడల్ అధికారుల కంటే ఉదారంగా ఉంది. అక్కడ 1,140 కాస్తా 1,200 అయింది. ఒకచోట తగ్గినది మరోచోట పెరిగి సగటు దాదాపు మారలేదు.

కారణం రిజిస్టర్లో రాసుకున్నదే. షాడో రన్ జరిగినది ఆగస్టు నుంచి అక్టోబరు దాకా. ఖరీఫ్ పెట్టుబడులకు చేతిలో డబ్బంతా పోయి, ఖాతాలు ఒట్టిపోయి ఉండే కాలం అది. ఆరు నెలల సగటు ఆ గుంటను చూసింది, అంతకు ముందు పంట అమ్మిన డబ్బును చూడలేదు. ఊరి శాఖలో కూర్చున్న అధికారికి ఇది చెప్పనక్కర లేకుండానే తెలుసు. పన్నెండు నెలల వివరాలతో మోడల్‌ను మళ్లీ తయారు చేసి అవే దరఖాస్తుల మీద నడిపితే రైతుల్లో 244 మందికి, అంటే 61 శాతానికి ఆమోదం వచ్చింది.

అంతటితో మోడల్ మంచిదని తేలిపోలేదు. షాడో రన్ చెప్పగలిగినది మోడల్ అధికారులతో ఎంత ఏకీభవిస్తుందన్నదే. అధికారులే పొరబడితే మోడల్ ఆ పొరపాటును చక్కగా నేర్చుకుంటుంది. కంపెనీ దగ్గరున్న పాత రికార్డులన్నీ గతంలో అప్పు పొందినవారివే. అప్పు దక్కనివారు ఇచ్చి ఉంటే తీర్చేవారో లేదో ఎవరికీ తెలియదు. ఈ గుడ్డిచోటు అప్పుల మోడళ్లన్నిటికీ ఉంది, లెక్కల చాతుర్యంతో అది పూర్తిగా పోదు. ఇచ్చిన అప్పులు మొండివవుతున్నాయో లేదో తెలియడానికి కూడా ఏడాది పైనే పడుతుంది. కాబట్టి బోర్డుకు పెట్టిన నోటులో ఈ మూడు పరిమితులనూ విడిగా, కొట్టొచ్చినట్టు రాయాల్సి వచ్చింది.

బోర్డు రిస్క్ కమిటీ షరతులతో ఆమోదించింది. రెండు శాఖల్లో ఆరు నెలలు, లక్ష రూపాయల లోపు అప్పులకే. మోడల్ కాదన్న ప్రతి దరఖాస్తునూ ఒక అధికారి చూడాలి. కాదన్న కారణం దరఖాస్తుదారుకు తెలుగులో అర్థమయ్యేలా చెప్పాలి. తర్వాత ఆగాల్సిన గీతలు గీశారు. రైతులకూ ఇతరులకూ ఆమోద శాతాల్లో తేడా అధికారుల కాలంలో 6 పాయింట్ల పైచిలుకు ఉండేది, సరిచేసిన మోడల్‌తో 14 పాయింట్లకు చేరింది. అది 18 దాటితే ఆపాలి. మొదటి మూడు నెలవారీ వాయిదాల్లో ఒకటైనా తప్పినవారి వాటా, గత ఏడాది అదే శాఖల్లో ఉన్నదానికి ఒకటిన్నర రెట్లయితే ఆపాలి. వస్తున్న దరఖాస్తుదారుల తీరు మోడల్ నేర్చుకున్న జనాభా నుంచి బాగా మారిపోయినా ఆపాలి. ఈ మార్పును కొలవడానికి రుణ రంగంలో వాడే జనాభా స్థిరత్వ సూచీ ఉంది. అది 0.1 లోపుంటే ఫర్వాలేదని, 0.25 దాటితే మోడల్‌ను మళ్లీ చూడాలని వాడుకలో ఒక బండ లెక్క.

ఈ గీతల్లో ఏది దాటినా ఆపేది ముఖ్య రిస్క్ అధికారి. అమ్మకాల విభాగాధిపతిని గానీ ఎండీని గానీ ఆమె ముందుగా అడగనక్కర లేదు, ఆపిన 24 గంటల్లో చెబితే చాలు. మళ్లీ మొదలుపెట్టాలంటే మాత్రం కమిటీ దగ్గరికి రావాలి. ఆపడం తేలిక, తిరిగి మొదలుపెట్టడం కష్టం అన్నట్టు అధికారాన్ని ఇలా కావాలనే వంకరగా పంచారు. ఆపితే శాఖలు పాత పద్ధతిలో పనిచేయగలగాలి కాబట్టి, పాత దరఖాస్తు ఫారాలనూ వాటిని చదవగల అధికారులనూ ఆరు నెలలు తీసేయకూడదని మరో షరతు చేర్చారు. నోట్లలో తరచుగా మరిచిపోయేది ఇదే. వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయాక ఆపే అధికారం ఉన్నా ఎవరూ వాడలేరు.

ఎక్కడ చెడుతుంది

మనిషి చూస్తున్నాడు కదా అన్న ధీమా మొదట చెడుతుంది. మోడల్ కాదన్నవాటిని అధికారి చూడాలన్న షరతు ఉంది. మొదటి నెలలో ఆయన నూటికి పన్నెండు తిరగరాశాడు. నాలుగో నెలకు నూటికి ఒకటైనా తిరగరాయడం లేదు. మోడల్ బాగుపడిందని దీనికి అర్థం చెప్పుకోవచ్చు, అధికారి చదవడం మానేశాడనీ చెప్పుకోవచ్చు. తేల్చడానికి ఒక చిన్న ఉపాయం ఉంది. ఆడిట్ విభాగం నెలకు ఇరవై ఫైళ్లు ఎంచి, అప్పు తప్పక ఇవ్వదగినవాటి మీద కావాలనే ‘వద్దు’ అని ముద్ర వేసి ఆయన బల్ల మీదికి పంపుతుంది. ఎన్నింటిని పట్టుకున్నాడో చూస్తే సంగతి తెలుస్తుంది. ఒక్కో ఫైలు మీద ఎన్ని నిమిషాలు గడిపాడో చూసినా తెలుస్తుంది. రోజుకు రెండు వందల ఫైళ్లిచ్చి జాగ్రత్తగా చూడమని చెప్పి ఉంటే తప్పు ఆయనది కాదు.

ఇంకొకటి, మెట్లు మరీ బరువైతే జనం పక్కదారి వెతుక్కుంటారు. ఫారం 40 పేజీలుంటే, కమిటీ మూడు నెలలకొకసారి కూర్చుంటే, విభాగాలు తమ ప్రాజెక్టును ‘నివేదికల పరికరం’ అని పేరు మార్చి కింది తరగతిలో తోస్తాయి. గుర్తుపట్టే ఆనవాళ్లు ఉన్నాయి. ఏడాదంతా కింది తరగతికి దరఖాస్తులు వస్తూ పై తరగతికి ఒక్కటీ రాకపోతే అనుమానించాలి. కమిటీ ఇప్పటిదాకా ఒక్కదాన్నీ వెనక్కి పంపకపోయినా అనుమానించాలి. కింది తరగతికి అయిదు పని దినాల్లో జవాబు ఇస్తామని గడువు కట్టుకున్న కంపెనీల్లో ఈ దొంగచాటు తగ్గుతుంది, ఎందుకంటే దాచడం కంటే అడగడం తేలికవుతుంది.

బయటి సరఫరాదారు చెప్పకుండా మోడల్ మార్చడం మరో చిక్కు. జూన్‌లో పరీక్షించి ఆమోదించిన చాట్‌బాట్ వెనక సెప్టెంబరుకు వేరే మోడల్ ఉంటుంది. ఆమోదపత్రం మీద తేదీ పాతదే. దీన్ని పట్టుకోవడానికి, జవాబు ముందే తెలిసిన వంద ప్రశ్నల కట్టను వారం వారం బాట్‌కు వేసి చూస్తారు. కస్టమర్లు నిజంగా అడిగే తీరులో, మాండలికంలో, ఇంగ్లిషు కలిపిన తెలుగులో ఆ ప్రశ్నలు ఉండాలి. కంపెనీ వడ్డీ నియమం మారిన రోజున ఆ కట్టలో జవాబులూ మారాలి. అది ఎవరి పనో రిజిస్టర్లో పేరు ఉండాలి. ఎయిర్ కెనడాలో విధానం పేజీకీ బాట్‌కూ మధ్య లేనిది ఈ కొక్కెమే. మోడల్ మారిస్తే ముందుగా చెప్పాలన్న షరతును ఒప్పందంలో రాయించుకోవడం కొనేటప్పుడే వీలవుతుంది, తర్వాత అడిగితే ఒప్పుకోరు.

రిజిస్టర్ పాతబడడం కూడా కళ్లకు కనిపించేదే. వరుసగా మూడు త్రైమాసికాలు ఒక్క రంగూ మారలేదంటే, కొత్త వరుస ఒక్కటీ చేరలేదంటే దాన్ని ఎవరూ తెరవడం లేదు. వచ్చిన ఫిర్యాదులను తీసుకుని ఒక్కొక్కటి ఏ వరుస కిందికి వస్తుందో పోల్చి చూస్తే సరి. ఏ వరుసలోనూ ఇమడని ఫిర్యాదు కనిపిస్తే కొత్త వరుస రాయాల్సిన సమయం వచ్చినట్టు.

బోర్డు చేసే తీర్మానం

ఇంత చర్చ తర్వాత బోర్డు మినిట్స్‌లో చేరేవి కొద్ది వాక్యాలే. ఏఐ విధానాన్ని ఆమోదించారు. జవాబుదారుగా ఫలానా అధికారిని నియమించారు. తరగతులు, ఒక్కో తరగతికి ఆమోదించేవారు ఎవరో ఖరారు చేశారు. ఆపే అధికారం ముఖ్య రిస్క్ అధికారికి ఇచ్చారు, ఆ అధికారాన్ని వాడినందుకు ఆమె మీద చర్య ఉండదని రాశారు. 60 రోజుల్లో పూర్తి జాబితా తెమ్మన్నారు. ఆలోపు పై తరగతిలోకి వచ్చే కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదన్నారు.

తర్వాత ప్రతి త్రైమాసికానికీ బోర్డుకు ఒక్క పేజీ వస్తుంది. జాబితాలో ఎన్ని ఉన్నాయి, కొత్తగా ఎన్ని దొరికాయి, ఎన్నింటిని వెనక్కి పంపారు, ఏ గీతలు దాటాయి, ఎన్నిసార్లు ఆపారు, ఎందుకు ఆపారు అన్నవి అందులో ఉంటాయి. వాడకం మానేసిన మోడళ్లకూ అదే పేజీలో చోటుంటుంది. మోడల్‌ను ఆపేసినా అది కాదన్న దరఖాస్తుల మీద తగువులు తర్వాత కూడా రావచ్చు. అందుకని ఏ తేదీన ఏ వెర్షన్ ఏ వివరాలు చూసి ఏ జవాబిచ్చిందో చెప్పగల రికార్డును ఎన్నేళ్లు దాచాలో, డేటా చట్టం ప్రకారం ఎప్పుడు చెరిపేయాలో న్యాయ విభాగం లెక్క చూసి, మోడల్ పేరు పక్కన ఆ తేదీ రాస్తుంది.